నోటు తిరగరాసినట్టే డిపాజిట్టు: చక్రవడ్డీపై అయిదు నిమిషాల వీడియోకు స్క్రిప్టు రాయడం ఎలా

తెలుగు ఇళ్ళలో చక్రవడ్డీ అనే మాట పొదుపు గురించి మాట్లాడేటప్పుడు కంటే అప్పు గురించి మాట్లాడేటప్పుడే ఎక్కువగా వినిపిస్తుంది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్ళు కాబట్టి, ఆ గడువు దాటకముందే పేరుకున్న వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకోవడం మన ఊళ్ళలో అందరూ చూసిన సంగతే. లక్ష రూపాయల నోటు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, మూడేళ్ళు ఏమీ కట్టలేదంటే 72,000 వడ్డీ చేరి కొత్త నోటు 1,72,000కు రాస్తారు. మరో మూడేళ్ళు అలాగే గడిస్తే, ఈసారి వడ్డీ లక్ష మీద కాకుండా 1,72,000 మీద నడుస్తుంది కనుక, బాకీ 2,95,840కి చేరుతుంది. నోటు తిరగరాయకుండా మొదటి లక్ష మీదే ఆరేళ్ళూ వడ్డీ లెక్కగట్టి ఉంటే బాకీ 2,44,000 దగ్గర ఆగేది.

చక్రవడ్డీతో పొదుపు ఎలా పెరుగుతుందో అయిదు నిమిషాల్లో చెప్పాలనుకునేవారికి ఇంతకంటే మంచి ఆరంభం దొరకదని నా అభిప్రాయం. చూసేవారికి ఈ లెక్క కొత్తది కాదు. అప్పు పత్రంలో చూసిన ఆ లెక్కే తమ డిపాజిట్టు రసీదులోనూ ఉందని మాత్రం చాలామంది గమనించి ఉండరు. కాబట్టి మీ స్క్రిప్టు చేయవలసింది ఒక్కటే పని: తెలిసిన లెక్కను పొదుపు వైపుకు తిప్పి చూపించడం. ఆ స్క్రిప్టును ఏ వరుసలో రాయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఒక్క ప్రశ్న, ఒక్క డిపాజిట్టు

అయిదు నిమిషాల్లో ఒక్క ప్రశ్నకే జవాబు పడుతుంది. నేను సూచించే ప్రశ్న ఇది: "బ్యాంకులో వేసిన లక్ష రూపాయల మీద వచ్చే వడ్డీని తీసుకోకుండా అందులోనే వదిలేస్తే ఏమవుతుంది?" నెలనెలా వేసే రికరింగ్ డిపాజిట్టు, పీపీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు ఇవన్నీ ఈ వీడియోలోకి రాకూడదు. నెలనెలా డబ్బు వేసే ఉదాహరణ తీసుకుంటే చివరికి చేరిన మొత్తంలో మీరు వేసినదెంతో, వడ్డీగా వచ్చినదెంతో చూసేవారు విడదీసుకోలేరు. మ్యూచువల్ ఫండ్ల రాబడి వడ్డీయే కాదు. అది ఏటా పెరగవచ్చు, తగ్గవచ్చు. దానికి ఏటా 12 శాతం అని ఒక స్థిరమైన రేటు పెట్టి ముప్పై ఏళ్ళ గీత గీస్తే, బొమ్మ ఆకర్షణీయంగా ఉంటుంది గానీ మీరు చెప్పింది నిజం కాకుండా పోతుంది.

ఒకేసారి వేసిన లక్ష, ఏటా 7 శాతం వడ్డీ, ఏడాదికి ఒకసారి వడ్డీ కలపడం, 30 ఏళ్ళ కాలం: ఈ నాలుగూ ముందే తేల్చుకుని వీడియో పూర్తయ్యేదాకా మార్చకండి. మన బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్టు మీద సాధారణంగా మూడు నెలలకు ఒకసారి వడ్డీ కలుపుతాయి. అలా కలిపితే 7 శాతం రేటుకు మొదటి ఏడాది చివర 1,07,000 బదులు 1,07,186 అవుతుంది. ఈ తేడా తెరమీద ఒక చిన్న గమనికగా ఉంటే చాలు. మాటల్లో ఏడాది లెక్కే చెప్పండి, ఎందుకంటే వినేవారు దాన్ని తమ మనసులోనే వేసుకోగలరు.

రెండో మెట్టు: మాట కంటే ముందు లెక్క

ఒక్క వాక్యం కూడా రాయకముందే ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో పట్టిక తయారు చేసుకోండి. మొదటి అడ్డు వరుసను శీర్షికలకు వదిలి, మొదటి నిలువు వరుసలో A2 గడి మొదలుకొని 1 నుంచి 30 వరకు సంవత్సరాలు వేసి, రెండో అడ్డు వరుసలో ఈ మూడు సూత్రాలు రాసి కిందికి లాగితే సరిపోతుంది.

```
B2: =100000*1.07^A2
C2: =100000*0.07*A2
D2: =B2-100000-C2
```

B వరుస మొత్తం సొమ్ము. C వరుస అసలు మీద మాత్రమే వచ్చిన వడ్డీ, అంటే బారువడ్డీ. D వరుస వడ్డీ మీద వచ్చిన వడ్డీ. మీ వీడియో కథంతా ఈ D వరుసలోనే ఉంది కాబట్టి దాన్ని పైనుంచి కిందికి నిదానంగా చదవండి. రెండో ఏడాది దగ్గర 490 ఉంటుంది. పదో ఏడాదికి 26,715 అవుతుంది. ఇరవయ్యో ఏడాదికి 1,46,968, ముప్పయ్యో ఏడాదికి 4,51,226.

ఇప్పుడు D వరుసను పక్కనున్న C వరుసతో పోల్చి చూడండి. పందొమ్మిదో ఏడాది వరకు అసలు మీద వచ్చిన వడ్డీదే పైచేయి: అక్కడ అది 1,33,000 అయితే, వడ్డీ మీద వడ్డీ దాదాపు 1,28,650. ఇరవయ్యో ఏడాదిలో మొదటిసారి లెక్క తారుమారై 1,40,000ను 1,46,968 దాటుతుంది. మీ స్క్రిప్టు నడక చేరవలసిన ఎత్తు ఈ ఇరవయ్యో ఏడాదే. పట్టిక వేసుకోకుండా రాయడం మొదలుపెట్టినవారికి ఈ ఘట్టం కనిపించదు. "కాలం గడిచేకొద్దీ బాగా పెరుగుతుంది" అనే వాక్యం దగ్గరే వారు ఆగిపోతారు.

మూడో మెట్టు: క్షణాలను పంచుకోవడం

నా అనుభవంలో, లెక్కలున్న విషయాన్ని అర్థమయ్యేలా నిదానంగా చదివితే తెలుగులో నిమిషానికి తొంభై నుంచి వంద పదాలకు మించి నడవవు. 300 సెకన్లలో ముప్పై సెకన్లు మాట లేకుండా బొమ్మకే వదిలేయాలి. మిగిలిన వేళకు దాదాపు 420 పదాలు పడతాయి. అంతకు మించి రాశారంటే, చదివేవారు అంకెల దగ్గర పరుగెత్తుతారు, సరిగ్గా అక్కడే వినేవారు వెనకబడతారు.

నోటు కథకు మొదటి 35 సెకన్లు, మొదటి రెండేళ్ళ లెక్కకు తర్వాతి 65 సెకన్లు, ముప్పై ఏళ్ళ ప్రయాణానికి 100 సెకన్లు, లెక్కలోని పరిమితులకు 55 సెకన్లు, బ్యాంకు ఫారానికి చివరి 45 సెకన్లు ఇవ్వండి. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమవైపు తెరమీద కనిపించేదీ, కుడివైపు వినిపించేదీ రాయండి. కుడివైపు అంకెలు వేయకూడదు, అక్షరాల్లోనే రాయాలి. ముప్పై ఏళ్ళకు చేరే మొత్తాన్ని 7,61,226 అని అంకెల్లో రాసుకున్నప్పుడు అది చిన్నదిగానే కనిపిస్తుంది. "ఏడు లక్షల అరవై ఒక్క వేల రెండు వందల ఇరవై ఆరు రూపాయలు" అని పలికి చూస్తే అయిదు సెకన్లు దానికే పోతాయని తెలుస్తుంది. కచ్చితమైన అంకెను తెరమీద చూపించి, నోటితో "ఏడు లక్షల అరవై ఒక్క వేలు" అనిపించండి.

నాలుగో మెట్టు: నోటుతో మొదలుపెట్టడం

తెరమీద రెవెన్యూ స్టాంపు అంటించిన నోటు, దాని పక్కన ఖాళీగా ఉన్న కొత్త కాగితం. వినిపించే మాట ఇలా ఉండవచ్చు:

"మూడేళ్ళ కిందట లక్ష రూపాయలు అప్పు తీసుకున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇన్నాళ్ళూ వడ్డీ కట్టలేకపోయారు. ఇప్పుడు నోటు తిరగరాస్తున్నారు. కొత్త నోటులో అసలు ఎంత? లక్ష కాదు. లక్షా డెబ్బై రెండు వేలు. ఇక నుంచి ఆ డెబ్బై రెండు వేలకు కూడా వడ్డీ నడుస్తుంది. ఇప్పుడు ఇదే నోటును బ్యాంకు మీకు రాసిచ్చిందనుకోండి."

ఈ చివరి వాక్యం దగ్గర నోటు బొమ్మ డిపాజిట్టు రసీదుగా మారాలి. ఒక్క జాగ్రత్త తీసుకోండి: నోటు మీద రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం; రసీదు మీద ఉన్నది ఏడాదికి 7 శాతం. వాడుకలో ఒకటి నెల లెక్క, రెండోది ఏడాది లెక్క. రసీదు కనిపించగానే "ఏడాదికి" అనే మాటను రేటు పక్కనే పెద్ద అక్షరాలతో చూపించకపోతే, చూసేవారు ఏడును రెండుతో పోల్చి బ్యాంకు వడ్డీయే ఎక్కువనుకునే ప్రమాదం ఉంది.

అయిదో మెట్టు: 490 రూపాయల దగ్గర ఆగడం

వీడియోలో చక్రవడ్డీ అర్థమయ్యే చోటు ఇదొక్కటే. ఇక్కడ అర్థం కాకపోతే ముప్పై ఏళ్ళ బొమ్మ ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు, అందుకే దీనికి నిమిషానికి పైగా కేటాయించాం.

"లక్ష రూపాయలు. ఏడాదికి ఏడు శాతం. ఏడాది తిరిగేసరికి వడ్డీ ఏడు వేలు వచ్చింది. మీరు తీసుకోలేదు, అందులోనే ఉంచేశారు. రెండో ఏడాది వడ్డీ ఎంత? మళ్ళీ ఏడు వేలేనా? కాదు. ఏడు వేల నాలుగు వందల తొంభై. బ్యాంకు రేటు పెంచలేదు. మీరు కొత్తగా ఒక్క రూపాయి కూడా వేయలేదు. మరి ఈ నాలుగు వందల తొంభై ఎక్కడిది?"

ఇక్కడ మూడు సెకన్లు మౌనం రాయండి. స్క్రిప్టులో "మౌనం, 3 సెకన్లు" అని స్పష్టంగా రాయకపోతే ఎడిటింగులో దాన్ని కత్తిరించేస్తారు. చూసేవారు తమంతట తాము లెక్క వేసుకునే సమయం అదే. ఆ తర్వాత తెరమీద 7,000 ఒక్కటే మిగిలి, దాని కింద 7 శాతం పడి, 490గా తేలాలి. "మొదటి ఏడాది ఏడు వేలు ఉంది కదా, దాని మీద వచ్చిన వడ్డీ ఇది" అనే వాక్యం అప్పుడు రావాలి. చక్రవడ్డీ అనే పేరు కూడా ఇక్కడే, మొదటిసారి చెప్పాలి. ముందే పేరు చెప్పి తర్వాత నిర్వచనం చెప్పే పద్ధతి పాఠ్యపుస్తకానికి సరిపోతుంది. వీడియోలో మాత్రం వస్తువును చూపించాకే దానికి పేరు పెట్టాలి.

మూడో ఏడాదిని మాటల్లో వివరించనక్కరలేదు. 1,14,490 పెరిగి 1,22,504 కావడం తెరమీద చూపించి ముందుకు వెళ్ళండి. సూత్రం కూడా చదవవద్దు. ఘాతాంకం మర్చిపోయినవారు అది వినగానే ఇది తమకోసం కాదనుకుంటారు.

ఆరో మెట్టు: ముప్పై ఏళ్ళను మూడు రంగుల్లో చూపించడం

చాలా వీడియోల్లో ఇక్కడ ఒక వంపు గీత పైకి లేస్తుంది. గీత కంటే నిలువు స్తంభాలు మేలని నేను నమ్ముతాను, ఎందుకంటే స్తంభంలో ఏ భాగం ఎక్కడినుంచి వచ్చిందో రంగుతో చెప్పవచ్చు. అడుగున గోధుమరంగు మీ అసలు, అది ఎప్పుడూ లక్షే. దాని మీద పసుపు, అసలు మీద వచ్చిన వడ్డీ. పైన ఆకుపచ్చ, వడ్డీ మీద వడ్డీ. పసుపు ఏటా ఒకే మందంలో, 7,000 చొప్పున పెరుగుతుంది. ఏటేటా వడ్డీ ఇంటికి తీసుకెళ్ళిన మనిషికి కూడా ఈ పసుపు భాగం అందే ఉంటుంది కాబట్టి, వడ్డీని వదిలేసినందుకు ప్రత్యేకంగా దక్కింది ఆకుపచ్చ భాగం మాత్రమేనని స్క్రిప్టు నిజాయితీగా చెప్పాలి. వడ్డీ తీసుకున్నవారి దగ్గర చివరికి లక్షే మిగిలిందని చూపించి 7,61,226తో పోల్చడం, వారు తీసుకున్న 2,10,000ను దాచిపెట్టడమే అవుతుంది.

పదో ఏడాది స్తంభం దగ్గర మొదట ఆగండి. మొత్తం 1,96,715. ఆకుపచ్చ భాగం అప్పటికి సన్నగానే ఉంటుంది. ఆ సంగతిని దాటవేయకుండా "పదేళ్ళకు కూడా ఇది ఇంతే" అని పలికించండి. చాలామంది డిపాజిట్టు తీసేసేది ఈ దశకు ముందే. తర్వాత ఇరవయ్యో ఏడాది. ఇక్కడ ఆకుపచ్చ, పసుపు భాగాలను స్తంభంలోనుంచి పక్కకు జరిపి ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టండి. "ఇరవయ్యో ఏడాదిలో మొదటిసారి, మీ అసలు సంపాదించిన దానికంటే మీ వడ్డీ సంపాదించినది ఎక్కువైంది" అనే వాక్యం ఈ వీడియోలో అన్నిటికంటే నెమ్మదిగా చదవవలసిన వాక్యం. ముప్పయ్యో ఏడాదికి 2,10,000 పసుపు పక్కన 4,51,226 ఆకుపచ్చ నిలబడినప్పుడు ఇక మాట అవసరం లేదు.

మొదటి ఏడాది వడ్డీ 7,000 అయితే ముప్పయ్యో ఏడాది ఒక్కదానికే దాదాపు 49,800 వస్తుందని కూడా చెప్పాలనిపిస్తుంది. చెప్పవచ్చు, కానీ దాన్ని ఇరవయ్యో ఏడాది వాక్యానికి ముందు పెట్టకండి. పెడితే ఆ వాక్యం బలం తగ్గిపోతుంది.

ఏడో మెట్టు: పరిమితులు చెప్పే 55 సెకన్లు

మూడు సంగతులు చెప్పాలి, వాటిలో ఒక్కదానికే లెక్క చూపించాలి. బ్యాంకు డిపాజిట్టు సాధారణంగా పదేళ్ళకు మించి ఉండదు. ముప్పై ఏళ్ళంటే మధ్యలో కనీసం రెండుసార్లు రెన్యువల్ చేయాలి, ఆ రోజున్న రేటే వర్తిస్తుంది. అందువల్ల 7 శాతం అనేది మనం ఊహించుకున్న రేటేనని స్పష్టంగా చెప్పండి. డిపాజిట్టు వడ్డీని ఆదాయంలో కలిపి పన్ను లెక్కిస్తారు, వడ్డీని చేతికి తీసుకోకపోయినా సరే. ఈ సంగతికి ఒక వాక్యం చాలు.

లెక్క చూపించవలసినది ధరల పెరుగుదలకు. ఇవాళ వంద రూపాయలకు వచ్చే సరుకుల ధర ఏటా 5 శాతం పెరుగుతూ పోతే, ముప్పై ఏళ్ళకు అవే సరుకులకు 432 రూపాయలు ఇవ్వాలి. ఆ లెక్కన అప్పటి 7,61,226తో కొనగలిగేది ఇవాళ 1,76,000కు దొరికేంత మాత్రమే. ఇది చూపిస్తే వీడియో ప్రభావం తగ్గుతుందని కొందరు తీసేయమంటారు. తీసేయకండి. లక్ష ఏడున్నర లక్షలైందని మాత్రమే విన్నవారు ఆ మొత్తాన్ని నేటి ధరలతోనే ఊహించుకుంటారు, మీ వీడియోను నమ్మి పిల్లల చదువుకో, పెళ్ళికో లెక్కలు వేసుకుంటారు.

ఎనిమిదో మెట్టు: ఫారం మీద ముగించడం

చివరి 45 సెకన్లలో కెమెరా డిపాజిట్టు ఫారం మీదే ఉండాలి. అక్కడ చూపించవలసిన గళ్ళు రెండు. వడ్డీని నెలకో మూడు నెలలకో చెల్లించాలా, లేక క్యుములేటివ్‌గా ఉంచాలా అన్నది మొదటిది. గడువు తీరాక అసలు మాత్రమే రెన్యువల్ చేయాలా, అసలూ వడ్డీ రెండూ కలిపి చేయాలా అన్నది రెండోది. ఈ రెండో గడి చాలామంది కంటపడదు. పదో ఏడాది చివర అసలు మాత్రమే అనే చోట టిక్కు ఉంటే, 96,715 రూపాయల వడ్డీ సేవింగ్స్ ఖాతాలోకి వెళ్ళిపోయి డిపాజిట్టు మళ్ళీ లక్ష దగ్గర మొదలవుతుంది. ఆకుపచ్చ భాగం కూడా అప్పుడు సున్నా నుంచే మొదలుకావాలి. వడ్డీ సొమ్ము నెలనెలా ఇంటి ఖర్చుకు కావలసిన పెద్దవారికి మొదటి గడిలో చెల్లింపు పద్ధతే సరైనదని ఒక్క వాక్యంలో చెప్పడం న్యాయం.

తొమ్మిదో మెట్టు: వినిపించి పరీక్షించడం

రికార్డింగుకు ముందు, లెక్కలతో పెద్దగా పని పడని ఒకరికి స్క్రిప్టు చదివి వినిపించండి. బొమ్మలు చూపించవద్దు. నేను ఒక స్క్రిప్టును మా పిన్నికి ఇలాగే చదివి వినిపిస్తుంటే, సగంలో ఆపి "ఏ వడ్డీ గురించిరా చెప్తున్నావు, ముందొచ్చిందా, తర్వాతొచ్చిందా?" అని అడిగింది. కాగితం చూసుకుంటే ఒకే పేరాలో "వడ్డీ" అనే మాట మూడు వేర్వేరు సొమ్ములకు వాడాను. ఆ రోజు నుంచి "అసలు మీద వడ్డీ", "వడ్డీ మీద వడ్డీ" అని ప్రతిసారీ పూర్తిగా రాస్తున్నాను. చెవికి కొంచెం పొడుగ్గా ఉన్నా అయోమయం ఉండదు.

చదవడం అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "రెండో ఏడాది వడ్డీ ఎందుకు పెరిగింది?" "బ్యాంకు రేటు పెంచింది" అనో "ఇంకాస్త డబ్బు వేశాం" అనో జవాబు వస్తే, అయిదో మెట్టులోని భాగాన్ని తిరిగి రాయాలి, మౌనానికి ముందున్న రెండు వాక్యాలు వినేవారికి చేరలేదన్నమాట. "ముందు వచ్చిన ఏడు వేలకు కూడా వడ్డీ కట్టారు కాబట్టి" అని వారి సొంత మాటల్లో వస్తే, స్టాప్‌వాచ్ చూసుకోండి. అయిదు నిమిషాలు దాటితే కోత మొదలుపెట్టవలసింది ముప్పై ఏళ్ళ భాగంలోని మాటల్లోనే, ఎందుకంటే అక్కడ స్తంభాలు మీ బదులు మాట్లాడతాయి. 490 దగ్గరి మూడు సెకన్లను మాత్రం ముట్టుకోకండి.